ఒక మీటర్ బ్రిడ్జి లెక్కలో పనితనం

2011 ఐఐటీ-జేఈఈ మొదటి పేపర్ భౌతిక శాస్త్రంలో ఒక చిన్న లెక్క వచ్చింది. బొమ్మలో మీటర్ బ్రిడ్జి. ఎడమ ఖాళీలో విలువ తెలియని నిరోధం X, కుడి ఖాళీలో 10 ఓమ్‌ల ప్రమాణ నిరోధం. జాకీని 52 సెంటీమీటర్ల గీత దగ్గర ఆనిస్తే గాల్వనామీటర్ ముల్లు కదలలేదు. తీగ ఎడమ కొన A, కుడి కొన B లకు ఎండ్ కరెక్షన్లు వరసగా 1 సెం.మీ., 2 సెం.మీ. అని ఇచ్చారు. X ఎంత? ఎంచుకోవడానికి నాలుగు జవాబులు: 10.2, 10.6, 10.8, 11.1 ఓమ్‌లు.

సూత్రం తెలిసిన విద్యార్థికి ఒక నిమిషం పని. 52కు 1 కలిపి, 48కి 2 కలిపి, భాగించి, పదితో గుణిస్తే 10.6 వస్తుంది. చాలామంది అక్కడితో గుండ్రం దిద్ది ముందుకు వెళ్లిపోతారు. ఈ లెక్కను తీరిగ్గా చూస్తే మాత్రం, అందులో ఒక్క అంకె కూడా ఊరికే పడలేదని తెలుస్తుంది. 52 ఎందుకు, 1, 2 ఎందుకు, ఆ మూడు తప్పు జవాబులు ఎక్కడి నుంచి వచ్చాయి అని అడుగుతూ పోతే, మీటర్ బ్రిడ్జి బలం, బలహీనత రెండూ బయటపడతాయి. ఇంత కొద్ది చోటులో అంత విషయం ఇమిడిన లెక్కలు అరుదు. అందుకే దాన్ని విప్పి చూపించాలనిపించింది.

ముందు పరికరం. ఒక చెక్క పలక మీద మీటరు పొడవు తీగ బిగించి ఉంటుంది. తీగ మాంగనిన్‌దో కాన్‌స్టంటన్‌దో అయి ఉంటుంది. ఈ మిశ్రమ లోహాల నిరోధం వేడికి పెద్దగా మారదు. తీగ రెండు కొనలనూ మందపాటి రాగి పట్టీలకు అతికిస్తారు. ఆ పట్టీల మధ్య వదిలిన రెండు ఖాళీల్లో ఒకచోట X, మరోచోట విలువ తెలిసిన నిరోధం బిగిస్తారు. తీగ కొనల మధ్య ఘటం కలుపుతారు. మధ్య పట్టీ నుంచి గాల్వనామీటర్ మీదుగా జాకీకి తీగ వస్తుంది. జాకీని తీగ మీద అక్కడక్కడా ఆనించి చూస్తూ, ముల్లు కదలని చోటు వెతుకుతారు. అదే సంతులన బిందువు. అక్కడ ఎడమ నిరోధానికీ కుడి నిరోధానికీ ఉన్న నిష్పత్తి, తీగ ఎడమ ముక్కకూ కుడి ముక్కకూ ఉన్న నిష్పత్తితో సమానం. శామ్యూల్ హంటర్ క్రిస్టీ 1833లో చెప్పి, చార్లెస్ వీట్‌స్టన్ 1843లో ప్రచారంలోకి తెచ్చిన బ్రిడ్జి సూత్రమే ఇది.

ఇందులోని అందం ఏమిటంటే, కొలవాల్సింది సున్నాను మాత్రమే. త్రాసు ముల్లు నిటారుగా నిలిస్తే చాలు, అది పక్కకు ఎంత వాలుతుందో తూచేవాడికి అక్కర్లేదు. ఇక్కడా అంతే. ఘటం వోల్టేజి ఎంతో తెలియనక్కర్లేదు. గాల్వనామీటర్ గీతలు సరిగ్గా ఉండనక్కర్లేదు, సున్నా దగ్గర చిన్న కదలికను పట్టగలిగితే చాలు. తీగ నిరోధం సెంటీమీటరుకు ఎంతో కూడా తెలియనక్కర్లేదు, నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది. ఇన్ని అజ్ఞాతాలు పక్కకు తప్పుకుంటే చివరికి మిగిలేది స్కేలు మీద ఒక పొడవు.

చిక్కు కూడా ఆ పొడవులోనే ఉంది. స్కేలు మీద ఎడమ ముక్క 52 సెం.మీ. కనబడుతుంది. విద్యుత్తుకు తగిలే ముక్క అంతే పొడవు కాదు. తీగను పట్టీకి అతికిన చోట టంకం ఉంటుంది, ఆ టంకానికి కొంత నిరోధం ఉంటుంది. తీగ అసలు మొదలు స్కేలు సున్నాకు సరిగ్గా ఎదురుగా ఉండకపోవచ్చు. స్క్రూ కింద తీగ వంగి కొంత లోపలికి పోవచ్చు. వీటన్నిటి ఫలితం ఎడమ ముక్కకు ఎంతో కొంత నిరోధం, కుడి ముక్కకు ఎంతో కొంత నిరోధం తోడవడం. ఆ అదనపు నిరోధాన్ని ఓమ్‌లలో చెప్పకుండా, అంత నిరోధం ఉన్న తీగ ఎన్ని సెంటీమీటర్లో చెప్పడమే ఎండ్ కరెక్షన్. మనకు కావాల్సింది నిష్పత్తే కాబట్టి ఓమ్‌లతో పనిలేదు. తీగనే కొలబద్ద చేసుకుంటే లెక్క సులువవుతుంది.

1 సెంటీమీటరు అంటే ఎంత నిరోధమో ఒకసారి అంచనా వేసుకుంటే మంచిది. అర మిల్లీమీటరు వ్యాసమున్న కాన్‌స్టంటన్ తీగకు మీటరుకు సుమారు 2.5 ఓమ్‌లు. అంటే సెంటీమీటరుకు 0.025 ఓమ్. రాగి పట్టీ ఎంత మందమో చూస్తే, దాని ఒంటి నిరోధం ఇందులో నూరో వంతు కూడా ఉండదు. కాబట్టి దోషం పట్టీలది కాదు, అతుకులదీ, స్కేలు తేడాదీ. అతుకు వదులైనా, తుప్పు పట్టినా 0.025 ఓమ్ చేరడం పెద్ద విషయం కాదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. దోషం లేదనుకుంటే X విలువ 10 × 52/48, అంటే 10.83 ఓమ్‌లు. కరెక్షన్లు కలిపితే

X / 10 = (52 + 1) / (48 + 2) = 53 / 50

కాబట్టి X = 10.6 ఓమ్‌లు. హారం 50 కావడం వల్ల జవాబు దశాంశంలో శుభ్రంగా తెగింది. పరీక్ష హాల్లో కాలిక్యులేటర్ లేని విద్యార్థికి అది పెద్ద ఉపకారం. ఆలోచన సరిగ్గా ఉన్నవాడు భాగహారంలో చిక్కుకోడు.

తప్పు జవాబుల సంగతి ఇంకా బాగుంటుంది. కరెక్షన్లను పట్టించుకోనివాడికి 10.83 వస్తుంది. జాబితాలో 10.8 ఉంది. రెండు వైపులా కలపాల్సింది పోయి తీసేసినవాడికి 51/46 వస్తుంది, పదితో గుణిస్తే 11.09. జాబితాలో 11.1 ఉంది. ఎడమవైపు తీసేసి కుడివైపు కలిపినవాడికి 51/50 వస్తుంది, అంటే 10.2. అదీ జాబితాలో ఉంది. ఈ చివరివాడు కరెక్షన్‌ను స్కేలు ఒక పక్కకు జరిగినట్టుగా ఊహించుకుంటాడు. స్కేలు జరిగితే ఒక వైపు తగ్గి మరో వైపు పెరగాలి కదా అని అతని తర్కం. కొన దోషం స్కేలు జరగడం ఒక్కటే కాదు, రెండు కొనలకూ విడివిడిగా నిరోధం చేరడం అని అతనికి తట్టలేదు. ఇలా ఒక్కొక్క తప్పు జవాబు వెనకా ఒక్కొక్క అపోహ ఉంది. పేపర్ దిద్దేవారు ఆ గుండ్రాన్ని బట్టే విద్యార్థి ఎక్కడ తడబడ్డాడో చెప్పేయవచ్చు.

జవాబుల మధ్య దూరం కూడా గమనించాలి. జాకీ స్థానాన్ని చదవడంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే X విలువ ఎంత మారుతుంది? 52 దగ్గర అది సుమారు 0.4 శాతం, అంటే 0.04 ఓమ్. జవాబుల మధ్య కనీస తేడా 0.2 ఓమ్. అంటే ఏ విద్యార్థి అయినా ప్రయోగశాలలో నిజంగానే ఈ కొలత తీసుకుంటే, చదవడంలో వచ్చే చిన్న పొరపాటు అతన్ని ఒక జవాబు నుంచి మరో జవాబుకు తోసేయదు. తేడా తెచ్చేది ఆలోచన మాత్రమే. కాగితం మీది లెక్కకు ప్రయోగశాల నిజాయితీ ఇలా అబ్బింది.

1, 2 అని రెండు వేర్వేరు అంకెలు ఇవ్వడంలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పు ఉంది. రెండు కొనలకూ 1.5 సెం.మీ. చొప్పున ఇచ్చారనుకుందాం. మొత్తం దోషం అదే 3 సెంటీమీటర్లు. అప్పుడు 53.5ను 49.5తో భాగించాలి. X విలువ 10.81 అవుతుంది. దోషాన్ని పట్టించుకోనివాడికి వచ్చింది 10.83. ఒక దశాంశానికి కుదిస్తే రెండూ 10.8. కరెక్షన్ తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే జవాబు. లెక్క చచ్చిపోయినట్టే.

ఎందుకిలా? ఎడమ ముక్కకు చేరిన దోషం X విలువను పెంచుతుంది. కుడి ముక్కకు చేరినది తగ్గిస్తుంది. సంతులన బిందువు నడిమధ్య దగ్గర ఉంటే రెండు ముక్కలూ దాదాపు సమానం కాబట్టి, సమానమైన దోషాలు ఒకదాన్నొకటి దాదాపు పూర్తిగా రద్దు చేసుకుంటాయి. మిగిలేది రెండిటి తేడా ప్రభావమే. ఈ లెక్కలో ఎడమన 52కు 1, అంటే 1.9 శాతం. కుడిన 48కి 2, అంటే 4.2 శాతం. ఈ రెండిటి మధ్య ఉన్న సుమారు 2 శాతమే 10.83కూ 10.6కూ మధ్య కనబడుతోంది.

అదే 1, 2 సెంటీమీటర్ల దోషాలతో సంతులన బిందువు 10 సెం.మీ. దగ్గర వచ్చిందనుకుందాం. కరెక్షన్ లేకుండా నిష్పత్తి 10/90, అంటే 0.111. కరెక్షన్‌తో 11/92, అంటే 0.120. తేడా 7 శాతం. ఎడమ ముక్క పది సెంటీమీటర్లే ఉన్నప్పుడు అదనంగా చేరిన ఒక్క సెంటీమీటరు దాన్ని పదో వంతు పెంచేసింది. కుడి ముక్కకు చేరిన రెండు సెంటీమీటర్లు తొంభైలో ఏ మూలకూ రావు. అక్కడ రద్దు కావడానికి జోడీ లేదు. ఇంటర్ రెండో సంవత్సరం ప్రయోగాల్లో నిరోధాల పెట్టెలో విలువలు మారుస్తూ, సంతులన బిందువు తీగ మధ్య భాగంలో పడేలా చూసుకోవాలని చెప్పడానికి ఇదొక గట్టి కారణం. చదవడంలో మిల్లీమీటరు పొరపాటు తెచ్చే ప్రభావం కూడా మధ్యలోనే అతి తక్కువ. రెండు కారణాలూ ఒకే చోటును చూపిస్తున్నాయి.

లెక్క ఇక్కడితో ఆగుతుంది. కాని అందులో ఇచ్చిన అంకెలతోనే ఇంకో మెట్టు ఎక్కవచ్చు. X నూ 10 ఓమ్‌లనూ తారుమారు చేస్తే సంతులన బిందువు ఎక్కడికి వస్తుంది? ఇప్పుడు ఎడమన 10, కుడిన 10.6. కరెక్షన్లతో కలిపి తీగ మొత్తం పొడవు 103. అందులో ఎడమ వాటా 103 × 10/20.6, సరిగ్గా 50. అందులోంచి A కొన దోషం 1 తీసేస్తే స్కేలు మీద 49. ఇదీ చక్కటి పూర్ణాంకమే.

దోషాలు లేని బ్రిడ్జిలో నిరోధాలు తారుమారు చేసినప్పుడు రెండు పాఠ్యాంకాల మొత్తం 100 రావాలి. ఇక్కడ 52, 49 కలిపితే 101. ఆ ఎక్కువైన 1 సెంటీమీటరు ఎక్కడిదో కాదు, B కొన దోషంలోంచి A కొన దోషం తీసేస్తే వచ్చేదే. ప్రయోగశాలలో ఏ కరెక్షనూ ఇవ్వకపోయినా, తారుమారు చేసి రెండు పాఠ్యాంకాలనూ కలిపి చూస్తే, కొనలు సమానంగా ఉన్నాయో లేదో ఆ బ్రిడ్జే చెబుతుంది. రెండు దోషాలూ సమానమైతే మాత్రం ఈ మొత్తం 100 చూపించి మౌనంగా ఉండిపోతుంది. కాని అప్పుడు మధ్యలో తీసిన కొలతకు వచ్చే హాని కూడా చాలా తక్కువని 1.5, 1.5 ఉదాహరణ మనకు చూపించనే చూపించింది.

ఇక ఈ రెండు పాఠ్యాంకాలనూ కరెక్షన్లు లేకుండానే వాడి చూద్దాం. మొదటిది 10.83 ఇచ్చింది. రెండోది 10 × 51/49, అంటే 10.41. సగటు 10.62. అసలు విలువ 10.6. కొన దోషం గురించి ఏమీ తెలియకుండానే, నిరోధాలను అటూ ఇటూ మార్చినందుకే 0.23 ఓమ్ తప్పు 0.02కు దిగింది. ప్రయోగ పుస్తకంలో తారుమారు చేసి మళ్లీ చదవమని రాసేది ఇందుకే. ఆ రెండో వరుసను మొదటిదాన్ని చూసి ఊహించి రాసేస్తే, ప్రయోగంలో అతి విలువైన భాగం చేజారినట్టే.

మరి ఆ 1, 2 సెంటీమీటర్లు ఎలా తెలిశాయి? లెక్క వాటిని ఇచ్చేసింది. ప్రయోగశాలలో వాటిని సంపాదించుకోవాలి. దానికి కూడా దారి ఈ బ్రిడ్జిలోనే ఉంది. రెండు ఖాళీల్లోనూ తెలిసిన నిరోధాలే పెట్టాలి. మన బ్రిడ్జి మీదే చూద్దాం. ఎడమన 1 ఓమ్, కుడిన 9 ఓమ్‌లు పెడితే సంతులన బిందువు 9.3 సెం.మీ. దగ్గర వస్తుంది. తారుమారు చేస్తే 91.7 దగ్గర. రెండిటి తేడా 82.4. ఆ తేడాలో A కొన దోషం ఉండదు, రెండు పాఠ్యాంకాల్లోనూ అది ఒకేలా ఉంది కాబట్టి తీసివేతలో పోయింది. తీగ మొత్తం పొడవును L అంటే, జాకీ L లో పదో వంతు నుంచి తొమ్మిది పదో వంతులకు జరిగింది. అంటే

82.4 = 0.8 × L, కాబట్టి L = 103

స్కేలు మీద 100 కనబడుతుంటే తీగ 103లా ప్రవర్తిస్తోంది. రెండు దోషాల మొత్తం 3. L లో పదో వంతు 10.3, స్కేలు చూపింది 9.3. కాబట్టి A కొన దోషం 1. మిగిలిన 2 B కొనది. రెండు పాఠ్యాంకాలు, కొన్ని తీసివేతలు, భాగహారం. అంతే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, ఈ విషయమంతటికీ అదే కీలకం. తెలియని నిరోధం కొలవడానికి రెండు ఖాళీల్లోని నిరోధాలు దాదాపు సమానంగా ఉండాలన్నాం. కొన దోషం కొలవడానికి మాత్రం అవి బాగా అసమానంగా ఉండాలి. 1, 9 బదులు 9, 10 ఓమ్‌లు పెట్టి చూస్తే జాకీ జరిగేది L లో పంతొమ్మిదో వంతే, సుమారు 5.4 సెం.మీ. ఆ తేడాను చదవడంలో ఒక్క మిల్లీమీటరు తప్పితే L విలువలో అది 19 రెట్లయి దాదాపు 2 సెంటీమీటర్లుగా తేలుతుంది. మనం వెతుకుతున్నదే 3 సెంటీమీటర్లు. అలాంటి కొలతకు అర్థం లేదు. 1, 9 నిష్పత్తిలో అదే మిల్లీమీటరు L లో ఒకటిన్నర మిల్లీమీటర్లలోపే తప్పు తెస్తుంది. తీగ మధ్యభాగం కొన దోషాన్ని దాచేస్తుంది, కొనలు దాన్ని బయటపెడతాయి. దాచాలో బయటపెట్టాలో కొలిచేవారి అవసరాన్ని బట్టి ఉంటుంది. పరికరం ఒకటే, నిరోధాలను ఎంచుకునే తీరులో తేడా.

ఇలా కొలిచినప్పుడు కరెక్షన్ ఒక్కోసారి రుణాత్మకంగా కూడా రావచ్చు. స్కేలు సున్నా తీగ మొదలుకన్నా బయటకు పోయి ఉంటే, స్కేలు చూపే పొడవు అసలు పొడవుకన్నా ఎక్కువ. అప్పుడు గుర్తును అలాగే ఉంచి లెక్కలో వేయాలి తప్ప, తప్పు వచ్చిందని చెరిపేయకూడదు.

కరెక్షన్ దిద్దలేనివీ ఉన్నాయి. తీగ పొడవునా ఒకే మందం ఉండాలన్నది ఈ సూత్రం పునాది. జాకీని ఆనించి ఎత్తాలి, రాసుకుంటూ లాగకూడదు అని పదే పదే చెప్పేది అందుకే. రాపిడికి తీగ ఒకచోట సన్నబడితే, ఆ చోట సెంటీమీటరుకు నిరోధం పెరుగుతుంది. రెండు అంకెల కరెక్షన్ కొనల సంగతి మాత్రమే చెబుతుంది, మధ్యలో అరిగిన చోటు దానికి కనబడదు. నిరోధాల విలువలు మారుస్తూ X కొలిచినప్పుడు, కరెక్షన్ వేసిన తర్వాత కూడా జవాబులు క్రమం లేకుండా ఊగుతుంటే తీగ మీద అనుమానం రావాలి. అలాగే X బిగించిన స్క్రూ వదులైతే ఆ అదనపు నిరోధం X లోనే కలిసిపోతుంది, ఏ కొన కరెక్షనూ దాన్ని విడదీయలేదు.

తీసివేతతో కొన దోషాన్ని పోగొట్టే ఉపాయాన్ని 1872లో కేరీ ఫాస్టర్ చివరిదాకా తీసుకెళ్లాడు. ఆయన బ్రిడ్జిలో పోల్చాల్సిన రెండు నిరోధాలనూ తీగకు రెండు పక్కలా వరసలో కలుపుతారు. వాటిని తారుమారు చేసినప్పుడు సంతులన బిందువు ఎంత జరిగిందో ఆ ముక్క తీగ నిరోధమే రెండు నిరోధాల తేడా. కొన దోషాలు కొంత మిగలడం కాదు, పూర్తిగా పోతాయి. అందుకు ప్రతిగా ఆ బ్రిడ్జిలో తీగ నిరోధం సెంటీమీటరుకు ఎంతో తెలిసి ఉండాలి. మీటర్ బ్రిడ్జి అక్కర్లేదని పక్కన పెట్టిన వివరాన్నే ఇది అడుగుతుంది. డిగ్రీ ప్రయోగశాలల్లో ఈ బ్రిడ్జి పట్టుకునే విద్యార్థి, ఇంటర్‌లో తారుమారు చేసి చదివిన రెండో వరుస ఎందుకో అర్థం చేసుకుని ఉంటే, కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే.

2011 నాటి ఆ లెక్క రాసిన చేయి ఎవరిదో గానీ, నేర్పున్న చేయి. సంతులన బిందువును మధ్యకు దగ్గరగా పెట్టి, అక్కడ దాగిపోవాల్సిన దోషాన్ని కొనల మధ్య ఒక్క సెంటీమీటరు తేడాతో పైకి తెచ్చింది. ఆ తేడాను 53/50 అనే సులువైన భిన్నంలో కట్టింది. పక్కన పెట్టిన మూడు తప్పులకూ పేరు పెట్టి పిలవగలిగేంత స్పష్టమైన కారణాలున్నాయి. విద్యార్థికి దీన్ని చెప్పేటప్పుడు 10.6 దగ్గర ఆగకుండా, కొన దోషాలు రెండూ 1.5 అయితే ఏమవుతుందో, నిరోధాలు తారుమారైతే 49 ఎందుకొస్తుందో కూడా అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు సొంతంగా జవాబు కట్టినవాడు ఏ బ్రిడ్జి ముందు కూర్చున్నా, స్కేలు చూపిన పొడవుకూ తీగ నిజంగా ఇచ్చిన పొడవుకూ మధ్య ఎంత దూరముందో ముందు అదే చూస్తాడు.